బెంచ్ ఖాళీ లేదని ట్రైసెప్స్‌తో మొదలుపెడితే

సోమవారం సాయంత్రం ఏడింటికి మా జిమ్‌లో బెంచ్ ప్రెస్ దొరకడమంటే సంక్రాంతి ముందు రోజు రైల్లో సీటు దొరికినట్టే. వారం మొదలయ్యేది ఛాతీతోనే అని ఎవరో శాసనం చేసినట్టు అందరూ అక్కడే మూగుతారు. మా అపార్ట్‌మెంట్లో ఉండే ఓ కుర్రాడు ఆ జనాన్ని చూసి, ఊరికే నిలబడటం దేనికని నేరుగా కేబుల్ మెషిన్ దగ్గరికి పోయేవాడు. అక్కడ ట్రైసెప్స్ పుష్‌డౌన్, అంటే చేతి వెనక కండతో కేబుల్‌ని కిందికి నొక్కేది, నాలుగు సెట్లు. ఆ తర్వాత డంబెల్స్‌తో షోల్డర్ ప్రెస్ మూడు సెట్లు. జనం పల్చబడ్డాక అప్పుడు బెంచ్ మీదికి చేరేవాడు. రెండు నెలలు ఇలాగే గడిచాక ఒకరోజు నా దగ్గరికొచ్చి, "అన్నా, 60 కిలోల దగ్గరే ఆగిపోయాను. ప్రొటీన్ పౌడర్ ఏమైనా మార్చమంటావా?" అన్నాడు.

ప్రొటీన్ సంగతి తర్వాత చూద్దాం, లెక్కలు రాసుకుంటున్నావా అనడిగాను. ఫోన్లో రాస్తున్నాడు. అది మంచి అలవాటు, చాలామందికి ఉండదు. బెంచ్ ప్రెస్, 60 కిలోలు, మూడు సెట్లలో ఎత్తిన సార్లు, అంటే రెప్స్: 7, 5, 3. సెట్‌కీ సెట్‌కీ మధ్య ఎంతసేపు ఆగుతున్నావంటే, "ఒక్క నిమిషమే అన్నా. ఎక్కువ ఆగితే ఒళ్లు చల్లబడిపోతుందన్నారు" అని చెప్పాడు.

ఆ మూడు అంకెల్లోనే జబ్బు కనిపిస్తోంది. మొదటి సెట్‌లోనే ఏడు అంటే, బెంచ్ మీద పడుకునే సరికే మనిషి అలిసిపోయి ఉన్నాడన్నమాట. ఏడు నుంచి మూడుకి పడిపోవడమంటే, మధ్యలో తేరుకునే టైమ్ చాలలేదన్నమాట. మొదటిది వరస తప్పు, రెండోది విశ్రాంతి తప్పు. జిమ్‌లో ఈ రెంటినీ వేర్వేరు విషయాలుగా మాట్లాడుకుంటాం గానీ నిజానికి రెండూ ఒకే ప్రశ్న: ఇప్పుడు ఎత్తబోయే సెట్‌లోకి, ఇంతకు ముందు చేసిన పని తాలూకు అలసట ఎంత మోసుకెళ్తున్నాం?

ముందు వరస సంగతి చూద్దాం. బెంచ్ ప్రెస్‌ను ఛాతీ ఎక్సర్‌సైజ్ అంటాం కానీ అది ఛాతీ ఒక్కటే చేసే పని కాదు. రాడ్ ఛాతీ మీద నుంచి లేచేటప్పుడు ఛాతీ కండరం, భుజం ముందుభాగం కలిసి నెడతాయి. మోచేతులు తిన్నగా సాగడానికి, ముఖ్యంగా పై సగంలో, ట్రైసెప్స్ కావాలి. ముగ్గురు మనుషులు బీరువాను మేడ మీదికి మోస్తున్నారనుకోండి. అందులో ఒకడు పొద్దున్నుంచీ ఇటుకలు మోసి వచ్చాడు. మిగతా ఇద్దరూ ఎంత దిట్టంగా ఉన్నా, బీరువా ఆగేది అతను ఆగిన మెట్టు దగ్గరే. మనవాడి విషయంలో ఇటుకలు మోసి వచ్చినవి ట్రైసెప్స్. వాటికి తోడు షోల్డర్ ప్రెస్‌లో భుజం ముందుభాగం కూడా అలిసింది. ఛాతీ మాత్రం తాజాగా ఉంది, దాని వంతు పూర్తికాకముందే సెట్ ముగిసిపోతోంది. ఛాతీ రోజు అని పేరు పెట్టుకుని, ఛాతీకే తక్కువ పని దొరికే ఏర్పాటిది.

దీన్ని బయటి నుంచి ఎలా పట్టుకోవాలి? రాడ్ ఎక్కడ ఆగుతోందో చూడాలి. ఆఖరి రెప్‌లో రాడ్ ఛాతీ మీద నుంచి బాగానే లేచి, సగం దాటాక, మోచేతులు సాగాల్సిన చోట వణుకుతూ ఆగిపోతుంటే ముందుగా ట్రైసెప్స్‌ను అనుమానించాలి. ఛాతీకి కాస్త పైనే ఇరుక్కుపోతుంటే బరువే ఎక్కువైందేమో, లేదా ఛాతీ, భుజాలు నిజంగానే అయిపోయాయేమో. ఇది వంద శాతం నమ్మదగ్గ పరీక్షేమీ కాదు, ఒక్కొక్కరి చేతుల పొడవును బట్టి ఆగే చోటు మారుతుంది. కానీ అదే మనిషికి, అదే బరువు దగ్గర, తాజాగా ఉన్నప్పుడు ఒకచోట, పుష్‌డౌన్ తర్వాత మరోచోట ఆగుతుంటే మాత్రం సంగతి తెలిసిపోయినట్టే. ఇంకో మాట, అలిసిన ట్రైసెప్స్‌తో, స్పాటర్ లేకుండా బెంచ్ చేయడం ప్రమాదం. రాడ్ ఆగేది ముఖం, మెడ పైనే కదా. పక్కన పట్టుకునే మనిషి గానీ, రాడ్‌ను ఆపే సేఫ్టీ పిన్నులు గానీ లేనప్పుడు డంబెల్స్ తీసుకోవడం నయం.

జిమ్‌లో దీనికి అందరూ చెప్పే సూత్రం "పెద్ద కండ ముందు, చిన్న కండ తర్వాత". మా రోజుల్లోనూ అదే చెప్పేవారు. చాలాసార్లు పనిచేసే సూత్రమే, అయితే అది ఎందుకు పనిచేస్తుందో తెలియకపోతే తప్పుచోట వాడతాం. బ్రెజిల్‌కి చెందిన రొబెర్తో సిమావు బృందం ఈ వరస మీద చాలా ఏళ్లు పనిచేసింది. వాళ్లు 2005లో ప్రచురించిన ప్రయోగంలో ఒకే ఎక్సర్‌సైజ్‌లను ఒకరోజు పెద్ద కండల నుంచి చిన్న కండలకు, మరోరోజు తిరగేసి చేయించారు. తేలిందేమిటంటే, పెద్దదైనా చిన్నదైనా, ఆఖర్లో పడిన ఎక్సర్‌సైజ్‌కి రెప్స్ తగ్గాయి. అంటే కండ సైజుకి ప్రత్యేకమైన మహిమ ఏమీ లేదు. ఆఖర్లో నిలబడ్డవాడికి అడుగంటిన సాంబారే దొరుకుతుంది, అంతే.

ఆ తర్వాత ఇలాంటి ప్రయోగాలన్నింటినీ కలిపి చూసిన విశ్లేషణ ఒకటి 2021లో వచ్చింది. అందులో రెండు ముక్కలు మనకు పనికొస్తాయి. ఏ ఎక్సర్‌సైజ్ సెషన్ మొదట్లో చేస్తే దాంట్లో బలం ఎక్కువ పెరుగుతుంది. కండ సైజు పెరగడంలో మాత్రం వరస వల్ల చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఈ రెండో ముక్క విని కొందరు "అయితే ఏ వరసైనా ఒకటే" అనేస్తారు. నాకు అలా అనిపించదు. ఒక వరసలో ఛాతీ కొంత నష్టపోతే ట్రైసెప్స్ కొంత లాభపడతాయి, తిరగేస్తే అటుదిటు. మొత్తం మీద సరిపోతుంది కాబట్టి సగటులో తేడా కనిపించకపోవచ్చు. కానీ ఒక మనిషికి కావాల్సింది సగటు కాదు కదా. మా కుర్రాడికి కావాల్సింది బెంచ్ మీద 60 దాటడం. అతనికి బెంచ్ ముందుండాలి. చేతులు సన్నగా ఉన్నాయని బాధపడేవాడు, బెంచ్ అంకె ఏమైపోయినా ఫర్వాలేదనుకుంటే, ట్రైసెప్స్‌తో మొదలుపెట్టడం తప్పేమీ కాదు. నేనైతే సూత్రాన్ని ఇలా చెప్తాను: నీకు ఈ రోజు ఏది ముఖ్యమో అది ముందు, దానికి సాయం చేసే కండను మాత్రం దానికంటే ముందు అలిసిపోనివ్వకు.

ఈ సూత్రంలో రెండో సగం ఎంత ఉపయోగమో ఒక చిన్న పోలిక చూస్తే తెలుస్తుంది. బెంచ్ కంటే ముందు పుష్‌డౌన్ చేస్తే దెబ్బ గట్టిగా తగులుతుంది. అదే బెంచ్ కంటే ముందు లాటరల్ రైజ్, అంటే డంబెల్స్‌ను పక్కలకు లేపేది చేస్తే, దెబ్బ చాలా తక్కువ. రెండూ చిన్న కండల ఎక్సర్‌సైజ్‌లే. కానీ లాటరల్ రైజ్‌లో అలిసేది ప్రధానంగా భుజం పక్కభాగం, బెంచ్‌లో దాని వాటా తక్కువ. ముందుకు లేపే ఫ్రంట్ రైజ్ అయితే మళ్లీ నష్టమే, ఎందుకంటే భుజం ముందుభాగం బెంచ్‌లో గట్టిగా పనిచేస్తుంది. కాబట్టి అడగాల్సింది కండ పెద్దదా చిన్నదా అని కాదు, తర్వాత చేయబోయేదాంట్లో దానికి పనుందా లేదా అని.

ఇక విశ్రాంతి. సెట్ అయిపోయాక కండలో ఏం జరుగుతుందో కొంచెం తెలుసుకుంటే, ఒక నిమిషం ఎందుకు చాలదో అర్థమవుతుంది. బరువైన సెట్‌లో మొదటి కొన్ని సెకన్ల శక్తి ఎక్కువగా ఫాస్ఫోక్రియాటిన్ అనే నిల్వ నుంచి వస్తుంది. ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ లాంటిదనుకోండి, కరెంటు పోగానే ఆదుకుంటుంది, తొందరగా ఖాళీ అవుతుంది. సెట్ ఆపాక ఇది మళ్లీ నిండటం మొదలుపెడుతుంది. సుమారు అర నిమిషంలో సగం, మూడు నుంచి అయిదు నిమిషాల్లో దాదాపు అంతా నిండుతుంది. ఇక ఒక్క రెప్ కూడా రాదనేదాకా లాగిన సెట్ తర్వాత అయితే ఇంకాస్త నెమ్మదిగా నిండుతుంది, ఎందుకంటే కండలో మంట పుట్టించే వ్యర్థాలు కూడా పేరుకుని ఉంటాయి. నిమిషానికే లేచి రాడ్ పట్టుకుంటే, చార్జింగ్ సగం దాటిన ఫోన్‌ను పీకేసి బయటికి పోయినట్టు. పనిచేస్తుంది, సాయంత్రం దాకా రాదు.

ఇక్కడే ఒక తికమక ఉంది. నిమిషం దాటేసరికి ఆయాసం తగ్గుతుంది, మాట వస్తుంది, ఇక రెడీ అనిపిస్తుంది. కానీ ఊపిరి తేరుకోవడం వేరు, కండ తేరుకోవడం వేరు. బెంచ్ ప్రెస్‌లో ఊపిరి తొందరగా కుదురుకుంటుంది గానీ కండ ఇంకా సగంలోనే ఉంటుంది. బస్కీల్లో, అంటే స్క్వాట్స్‌లో, దీనికి తిరగబడి కూడా జరుగుతుంది. పన్నెండు రెప్స్ సెట్ అయ్యాక తొడలు ఇంకా చేయగలవేమో అనిపిస్తుంది, దమ్ము మాత్రం ఉండదు. అలాంటప్పుడు తక్కువ విశ్రాంతితో రెండో సెట్ మొదలుపెడితే ఆపేది తొడలు కావు, ఊపిరితిత్తులు. కాళ్ల కోసం పెట్టుకున్న సెట్ కాస్తా పరుగుపందెం అవుతుంది.

తక్కువ విశ్రాంతితో కండ బాగా పెరుగుతుందన్న నమ్మకం చాలాకాలం ఉండేది. మంట ఎక్కువ, చెమట ఎక్కువ, కాబట్టి ఫలితం ఎక్కువ అనే లెక్క. 2016లో అమెరికా పరిశోధకుడు బ్రాడ్ షోన్‌ఫెల్డ్ బృందం అప్పటికే బరువులు ఎత్తే అలవాటున్న 21 మంది యువకులతో ఎనిమిది వారాలు ప్రయోగం చేసింది. ఒక గుంపు సెట్ల మధ్య ఒక నిమిషం, ఇంకో గుంపు మూడు నిమిషాలు ఆగింది. మిగతా ప్రోగ్రామ్ అంతా ఒకటే. స్క్వాట్, బెంచ్ రెండింట్లోనూ మూడు నిమిషాలు ఆగినవాళ్ల బలం ఎక్కువ పెరిగింది, తొడ ముందుభాగం మందం కూడా వాళ్లకే ఎక్కువ వచ్చింది. 21 మంది అంటే చిన్న ప్రయోగమే. అయినా కారణం మాత్రం తేలిగ్గా ఊహించుకోవచ్చు: ఎక్కువ ఆగినవాడు తర్వాతి సెట్‌లో అదే బరువుతో ఎక్కువ రెప్స్ చేయగలడు, వారాల మీద ఆ తేడా పోగుపడుతుంది.

ఒళ్లు చల్లబడిపోతుందన్న మాటకొస్తే, మూడు నిమిషాల్లో అలాంటిదేమీ జరగదు. చల్లబడేది ఫోన్ తీసి రీల్స్‌లో మునిగిపోయి పది నిమిషాలు కూర్చున్నవాళ్లకి.

నేను మా కుర్రాడికి అన్నీ ఒకేసారి మార్చమని చెప్పలేదు. అన్నీ మారిస్తే దేనివల్ల బాగుపడ్డాడో తెలియదు. వారానికి ఒక్కటే మార్చి, బెంచ్‌లో 60 కిలోలతో ఏం వచ్చిందో రాయమన్నాను. మొదటి వారం వరస పాతదే, పుష్‌డౌన్ ముందు, బెంచ్ చివర, విశ్రాంతి మాత్రం మూడు నిమిషాలు. 7, 6, 6 వచ్చింది. మొదటి సెట్ ఏడు దగ్గరే ఉంది చూడండి, ఎందుకంటే దానికి ముందు జరిగిన అలసట అలాగే ఉంది. కానీ కింద పడిపోవడం ఆగింది. రెండో వారం వరస మార్చి బెంచ్ ముందుకు తెచ్చాం, విశ్రాంతి మళ్లీ పాత నిమిషమే. 10, 6, 4. మొదటి సెట్ ఒక్కసారిగా పదికి లేచింది, తర్వాత మెట్లు దిగినట్టు దిగిపోయింది. మూడో వారం రెండూ కలిపాం: 10, 9, 8.

అసలు మొదట్లో మూడు సెట్లు కలిపి 15 రెప్స్, అంటే 900 కిలోలు. మూడో వారం 27 రెప్స్, 1,620 కిలోలు. మనిషి బలం మూడు వారాల్లో అంత పెరగలేదు, ఆ బలం అంతకు ముందూ ఉంది, బెంచ్ దాకా మిగలడం లేదు, అంతే. ఒక మనిషి మూడు వారాల లెక్కను ప్రయోగం అనలేం, కొంత అలవాటు కూడా కలిసి ఉంటుంది. అయినా రెండు తప్పులూ అంకెల్లో రెండు రకాలుగా కనిపించడం ఇక్కడ గమనించాల్సిన సంగతి. వరస తప్పయితే మొదటి సెట్టే తక్కువగా మొదలవుతుంది. విశ్రాంతి తప్పయితే మొదటి సెట్ బాగుండి తర్వాతివి కూలిపోతాయి. మీ లెక్కల్లో సెట్‌కి ఒకటి రెండు రెప్స్ తగ్గడం మామూలే. పది నుంచి ఆరుకి పడితే మాత్రం విశ్రాంతి చాలలేదు, లేదా మొదటి సెట్‌నే ప్రాణం పోయేదాకా లాగారు. ఒకటి రెండు రెప్స్ ఇంకా చేయగలను అనిపించిన చోట మొదటి సెట్ ఆపితే చాలాసార్లు ఇదీ సర్దుకుంటుంది.

ఇందులో నష్టం ఏమీ లేదా అంటే ఉంది. పుష్‌డౌన్ ఆఖరికి వెళ్లింది కదా, అక్కడ రెప్స్ తగ్గాయి. అంతకు ముందు నాలుగు సెట్లలో 15, 13, 12, 12 చేసేవాడు, ఇప్పుడు అదే బరువుతో 12, 11, 10, 9. వాడు మొహం వేలాడేశాడు కూడా. కానీ ట్రైసెప్స్ అప్పటికే బెంచ్‌లో 27 రెప్స్ మోసి వచ్చాయి, పని తగ్గలేదు, చోటు మారింది. ఇక్కడే ఇంకో అలవాటు చెప్పాను. ఎక్సర్‌సైజ్ పేరు పక్కన బరువు, రెప్స్ రాస్తే సరిపోదు, ఎన్నోదిగా చేశాడో కూడా రాయాలి. ఆఖర్లో చేసిన పుష్‌డౌన్‌ని మొదట్లో చేసిన పుష్‌డౌన్‌తో పోల్చి బలం తగ్గిందని టెన్షన్ పడటం, మ్యాచ్ మధ్యలో దిగినవాడి పరుగుల్ని ఓపెనర్ పరుగులతో పోల్చడం లాంటిది.

"మరి మోచేతులు వేడెక్కడానికి ముందు పుష్‌డౌన్ చేయమంటారు కదన్నా" అనడిగాడు. మంచి ప్రశ్నే. వేడెక్కించడం వేరు, అలిసేలా చేయడం వేరు. తేలికైన బరువుతో పదిహేను రెప్స్, ఇంకా పది చేయగలిగేంత సులువుగా, ఒకటి రెండు సెట్లు చేస్తే బెంచ్‌కి నష్టం ఉండదు, మోచేతులు పట్టేసినట్టుండేవాళ్లకి లాభం కూడా. అసలైన వార్మప్ మాత్రం బెంచ్ మీదే కావాలి. 60 కిలోల వాడికి ఖాళీ రాడ్‌తో, అంటే 20 కిలోలతో పన్నెండు, 40తో ఆరు, 50తో మూడు, ఆ తర్వాత అసలు సెట్. బరువు పెరిగేకొద్దీ రెప్స్ తగ్గిస్తూ పోవాలి. 50తో కూడా పదేసి కొట్టేవాళ్లున్నారు, అది వార్మప్ కాదు, అసలు సెట్‌ని ముందే తినేయడం.

ఛాతీని ముందే అలిసేలా చేసి బెంచ్‌కి వెళ్తే ఛాతీ ఇంకా బాగా పనిచేస్తుందని ఇంకో వాదన ఉంది. చేతుల్ని పక్కల నుంచి ఛాతీ ముందుకు దగ్గరగా తెచ్చే పెక్ డెక్ లేదా కేబుల్ ఫ్లై చేసి వెంటనే బెంచ్ చేయడం. వినడానికి సబబుగానే ఉంటుంది. 2007లో దీన్నే పరీక్షించి చూశారు. పెక్ డెక్ తర్వాత బెంచ్ చేసినప్పుడు ఛాతీ కండరంలో విద్యుత్ చర్య, అంటే కండ ఎంత పనిచేస్తోందో చూపే కొలత, పెరగలేదు, పెరిగింది ట్రైసెప్స్‌లో. బెంచ్ రెప్స్ కూడా తగ్గాయి. అంతకు ముందు 2003లో కూర్చుని మోకాళ్లు చాచే లెగ్ ఎక్స్‌టెన్షన్ చేయించి వెంటనే లెగ్ ప్రెస్ చేయించినప్పుడు తొడ ముందుభాగపు చర్య, రెప్స్ రెండూ తగ్గాయి. అలిసిన మనిషి బీరువా మోతలో ఎక్కువ భారం తీసుకోడు కదా, పక్కవాడి మీదికి తోస్తాడు. అయితే ఈ పద్ధతిని పూర్తిగా కొట్టిపారేయను. భుజం గానీ మోకాలు గానీ నొప్పి ఉండి, పెద్ద బరువు పెట్టడం ఇష్టంలేనివాళ్లు ముందుగా ఫ్లై లేదా లెగ్ ఎక్స్‌టెన్షన్ చేస్తే, తర్వాత తక్కువ బరువే కష్టంగా అనిపిస్తుంది. వాళ్లకి అదే కావాలి. బెంచ్ అంకె పెంచుకోవాలనుకునేవాడికి మాత్రం ఇది ఎదురుదారి.

సరే, మొత్తం సెషన్‌ని మళ్లీ కట్టాం. బెంచ్ ప్రెస్ మూడు సెట్లు, మధ్యలో మూడేసి నిమిషాలు. తర్వాత వాలు బెంచ్ మీద చేసే ఇంక్లైన్ డంబెల్ ప్రెస్ మూడు సెట్లు, రెండేసి నిమిషాలు. దాని తర్వాత షోల్డర్ ప్రెస్, అదీ రెండేసి నిమిషాలే. ఇక్కడ మొండికేశాడు. ఇంతకు ముందు షోల్డర్ ప్రెస్‌లో 15 కిలోల డంబెల్స్ ఎత్తేవాడు, ఇప్పుడు 12.5కి దిగాల్సొచ్చింది. బెంచ్‌లోనూ ఇంక్లైన్‌లోనూ భుజం ముందుభాగం ఆరు సెట్లు చేసి వచ్చింది మరి. ఇది సర్దుబాటుతో తీరే సమస్య కాదు, ఒకే రోజు రెంటికీ మొదటి చోటు ఇవ్వలేం. గురువారం మళ్లీ ఇదే సెషన్ వస్తుంది కాబట్టి, సోమవారం బెంచ్ ముందు, గురువారం షోల్డర్ ప్రెస్ ముందు అని పంచుకున్నాం.

ఆ తర్వాత లాటరల్ రైజ్ మూడు సెట్లు, నిమిషం విశ్రాంతి చాలు. తేలికైన బరువు, ఒక్క కీలు దగ్గర కదలిక, ఊపిరి మీద భారం లేదు, మంట తగ్గగానే మళ్లీ ఎత్తొచ్చు. దీనికి మూడు నిమిషాలు ఆగితే వచ్చే లాభం కంటే పోయే సాయంత్రమే ఎక్కువ. ఆఖరున ట్రైసెప్స్. అక్కడ పుష్‌డౌన్ బదులు తల వెనక్కి బరువు దించే ఓవర్‌హెడ్ ఎక్స్‌టెన్షన్ పెట్టమన్నాను, తొంభై సెకన్ల విశ్రాంతితో. ట్రైసెప్స్‌కి మూడు పాయలు ఉంటాయి. వాటిలో పొడవాటి పాయ భుజం కీలును కూడా దాటిపోతుంది. బెంచ్ ప్రెస్ మిగతా రెంటికి పని చెప్పినంతగా దీనికి చెప్పదు, చేయి తల పైకి ఎత్తినప్పుడు ఇది బాగా సాగి పనిచేస్తుంది. అంటే ఆఖర్లో ఉన్నా కొంత తాజాగా మిగిలిన పాయకే పని దొరుకుతుంది. వరస అంటే ఏది ముందు అన్నదొక్కటే కాదు, ఆఖర్లో ఏం మిగిలిందో చూసుకుని దానికి తగింది ఎంచుకోవడం కూడా.

ఇంతసేపు ఆగితే రాత్రయిపోతుందన్న భయం అతనికి ఉండేది. కూర్చుని లెక్కేశాం. వార్మప్ ఏడు నిమిషాలు, బెంచ్ ఎనిమిది, ఇంక్లైన్ ఆరు, షోల్డర్ ప్రెస్ ఆరు, లాటరల్ రైజ్ నాలుగు, ట్రైసెప్స్ అయిదు. ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారడానికి మొత్తం ఏడు. కలిపితే 43. అంతకు ముందు అతని సెషన్ గంటా పావు పట్టేది, నిమిషం విశ్రాంతితోనే. ఆ మిగతా టైమంతా ఎక్కడికి పోయిందంటే బెంచ్ కోసం ఎదురుచూపులకీ, కబుర్లకీ, ఛాతీకి నాలుగో రకం, అయిదో రకం ఎక్సర్‌సైజ్‌కీ.

నిజంగా టైమ్ లేనివాళ్లకి ఒక ఉపాయం ఉంది. బెంచ్‌కి ఎదురు కండల పనిని, అంటే వెనక్కి లాగేదాన్ని, మధ్యలో దూర్చడం. ఒక బెంచ్ సెట్, తొంభై సెకన్లు ఆగి కూర్చుని లాగే కేబుల్ రో ఒక సెట్, మళ్లీ తొంభై సెకన్లు ఆగి బెంచ్. వీపు లాగుతున్నంతసేపూ ఛాతీ, ట్రైసెప్స్ తేరుకుంటూనే ఉంటాయి, బెంచ్‌కి మూడు నిమిషాల పైనే దొరుకుతుంది. ఇక్కడా అదే షరతు: రెంటికీ ఉమ్మడి కండ ఉండకూడదు. స్క్వాట్ మధ్యలో వంగి లాగే బార్‌బెల్ రో పెట్టారనుకోండి, కాళ్లు తేరుకుంటాయి గానీ నడుముకి రెండు చోట్లా డ్యూటీ పడుతుంది.

మిగతా రోజులకీ ఇదే చూపుతో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. వింగ్స్, అంటే వీపు పక్క కండల రోజున బైసెప్స్ కర్ల్ ముందు చేస్తే పుల్‌డౌన్‌లో చేతులు ముందే చేతులెత్తేస్తాయి. డెడ్‌లిఫ్ట్ చేసి పుల్‌అప్స్‌కి వెళ్తే వీపు కంటే ముందు పిడికిలి పట్టు జారుతుంది. కాళ్ల రోజున పొట్ట, నడుము ఎక్సర్‌సైజ్‌లు గట్టిగా చేసి స్క్వాట్‌కి వెళ్లడం నాకు అన్నిటికంటే నచ్చనిది, ఎందుకంటే అక్కడ అలిసేది వెన్నుని నిలబెట్టే కండ. మిగతా చోట్ల పోయేది రెండు రెప్స్, ఇక్కడ బరువు కింద నడుము వంగిపోతుంది.

ఇంతా కట్టుకున్నాక మొదటి సమస్య అలాగే ఉంది: సోమవారం ఏడింటికి బెంచ్ ఖాళీ ఉండదు. రెండు వారాలు పొద్దున్నే రావాలని చూశాడు, కుదరలేదు. చివరికి నేనే తీసుకెళ్లి అక్కడ చేస్తున్న ఇద్దరితో "అన్నా, మధ్యలో ఈ తమ్ముడూ వేసుకుంటాడు" అని చెప్పాను. వాళ్లు సరేనన్నారు. ముగ్గురూ వంతులవారీగా చేస్తే, ఒకరి సెట్ ముప్పై నలభై సెకన్లు, ప్లేట్లు మార్చడానికి ఇంకో అర నిమిషం. తన వంతు మళ్లీ వచ్చేసరికి దాదాపు మూడు నిమిషాలు. టైమర్ పెట్టే పని కూడా లేకుండా పోయింది, పైగా స్పాటర్లు ఇద్దరు. వాళ్లిద్దరిలో ఒకతను 90 కిలోలు ఎత్తుతాడు కాబట్టి ప్రతిసారీ ప్లేట్లు తీసి పెట్టలేక మావాడు కాస్త విసుక్కుంటాడు. మొన్న సోమవారం 62.5 కిలోలతో 8, 8, 7 రాసుకున్నాడు.